చేబదులు గుర్తుచేయడం ఎలా: వాదాలు, అనుభవం, తేలని సంగతులు

స్నేహితుడికి ఇచ్చిన చేబదులును తిరిగి ఎలా అడగాలన్న విషయంలో మనలో ఎవరి మాట వారిదే. ఇచ్చి మరిచిపొమ్మంటారు కొందరు. అడగనిదే అమ్మైనా పెట్టదు, అడిగెయ్యమంటారు ఇంకొందరు. మాటల్లో మాటగా కదిపి చూడమనేవాళ్లూ ఉన్నారు. ఫోన్‌లో డబ్బు పంపడం తేలికైన ఈ పదేళ్లలో వాదన మరింత చిక్కుపడింది. ఇవ్వడం క్షణంలో పని, గుర్తుచేయడం మాత్రం వారాల తరబడి మనసులో నానుతుంది. అందుకే ఈ వాదాలు ఎక్కడ పుట్టాయో, దేనికి ఎంత బలముందో, ఏది ఇంకా తేలలేదో ఒకచోట పెట్టి చూడవలసిన అవసరం ఉంది.

తేదీ లేని అప్పు

మన ఊళ్లలో డబ్బు చేతులు మారే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది ప్రామిసరీ నోటు. నూటికి నెలకింత అని వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, పక్కన సాక్షులు. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి ఆ లోపు నోటు తిరగరాయించుకోవడం ఆనవాయితీ. ఆ తిరగరాయడమే ఒక గుర్తుచేయడం. ఇచ్చినవాడు నోటు పట్టుకొని ఇంటికి వస్తే ఎవరూ నొచ్చుకోరు, ఆ రోజు వస్తాడని ఇద్దరికీ ముందే తెలుసు.

రెండోది చదివింపులు. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాసి ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ నోరు తెరిచి అడగనక్కర్లేదు. శుభలేఖే ఆ పని చేసిపెడుతుంది.

మూడోది చేబదులు. దీనికి వడ్డీ లేదు, కాగితం లేదు, సాక్షి లేడు, చాలాసార్లు తేదీ కూడా ఉండదు. "జీతం రాగానే ఇచ్చేస్తా", "చిట్టీ పాడగానే సర్దేస్తా" అన్న మాటే ఆధారం. ఒకే వీధిలో బతికే రోజుల్లో ఈ లోటు పెద్దగా తెలిసేది కాదు. తీసుకున్నవాడు రోజూ ఎదురుపడేవాడు, కనిపించగానే తనంతట తానే "నీది మాత్రం మర్చిపోలేదు, ఈ వారంలో చూస్తా" అనేవాడు. ఒకరు కూకట్‌పల్లిలో, ఇంకొకరు బెంగళూరులో ఉంటున్న కాలంలో ఆ ఎదురుపడటం పోయింది. దాని స్థానంలోకి వచ్చింది వాట్సాప్ మెసేజ్.

2016లో యూపీఐ వచ్చాక చేబదులు ఇవ్వడం మరీ తేలికైంది. అదే యాప్‌లలో డబ్బు పంపమని అవతలివారికి అభ్యర్థన పంపే మీట కూడా ఉండేది. అది మోసగాళ్ల చేతిలో ఆయుధంగా మారడంతో, వ్యక్తుల మధ్య అలాంటి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి జాతీయ చెల్లింపుల సంస్థ నిలిపివేసింది. స్నేహితుల మధ్య ఆ మీట ఎప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. పలకరింపు లేకుండా, పేరు, అంకె, చెల్లించు అన్న గుర్తు మాత్రమే తెర మీద కనిపించేవి. అది పోవడంతో గుర్తుచేసే భారం మళ్లీ మన మాటల మీదే పడింది.

మొహమాటం ఎందుకు

అమెరికన్ మనస్తత్వవేత్తలు మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ 1979లో మనుషుల సంబంధాలను రెండుగా విడదీశారు. ఒకదాంట్లో ఇచ్చిపుచ్చుకోవడం లెక్కప్రకారం సాగుతుంది, రెండోదాంట్లో అవతలివాడి అవసరమే లెక్క. స్నేహం రెండో రకానిది. అలాంటి చోట ఇచ్చినదానికి వెంటనే బదులు కోరితే, లేదా వెంటనే తీర్చేస్తే, దగ్గరితనం తగ్గినట్టు అనిపిస్తుందని వాళ్లు గమనించారు. చేబదులు ఈ రెండింటి సరిహద్దులో నిలబడుతుంది. ఇచ్చేటప్పుడు స్నేహం, తిరిగి అడిగేటప్పుడు లెక్క. ఇబ్బంది పుట్టేది ఆ మలుపు దగ్గరే.

మర్యాద భాషలో ఎలా పనిచేస్తుందో పరిశీలించిన పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్‌లు తమ సిద్ధాంతానికి వాడిన మూడు భాషల్లో తమిళం ఒకటి. అందులోనూ వాళ్లు తీసుకున్నది కోయంబత్తూరు ప్రాంతపు పల్లె మాట. వాళ్ల లెక్కలో ఏ అభ్యర్థన అయినా అవతలివాడి గౌరవాన్ని కొంత తాకుతుంది. ఆ తాకిడిని తగ్గించడానికి మనిషి ముందు మూడు దారులుంటాయి. దగ్గరితనం చూపి అడగడం, దూరం పాటిస్తూ వీలుంటేనే అని అడగడం, అసలు అడగకుండా సూచనతో సరిపెట్టడం. తాకిడి ఎంత పెద్దదైతే సూచన వైపు అంతగా జరుగుతామని వాళ్ల వాదన. మన చేబదులు చర్చంతా ఈ మూడు దారుల మధ్యే తిరుగుతోంది.

ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ జ్ఞాపకం ఒకేలా ఉండదన్నది మూడో సంగతి. స్నేహితుల, బంధువుల మధ్య అప్పులను పరిశీలించి లిండా డెజో, జార్జ్ లోవెన్‌స్టీన్ 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే అప్పును రెండు పక్షాలూ వేర్వేరుగా చూస్తాయని, తీసుకున్నవారి చూపు తమకు అనుకూలంగా ఒరుగుతుందని, ఇచ్చినవారి మనసులో పెరిగే నొప్పి వారికి సరిగా అందదని అందులో తేలింది. దీన్నిబట్టి నాకనిపించేది ఇది. మౌనంగా ఉంటే వాడే అర్థం చేసుకుంటాడన్న ఆశకు ఆధారం తక్కువ. అవతలివాడికి అది మోసం చేయాలన్న ఆలోచన కాకపోవచ్చు, బరువు తెలియకపోవడమే కావచ్చు.

మూడు వాదాలు

మొదటిది వదిలెయ్యమనే వాదం. తిరిగి రాకపోయినా పర్వాలేదనుకున్నంతే స్నేహితుడికి ఇవ్వాలి, ఇచ్చాక అడగకూడదు అంటుందది. వెయ్యి రెండు వేల దగ్గర ఈ మాట నిలుస్తుంది. జీతంలో మూడో వంతు ఇచ్చినవాడికి పనికిరాదు. అసలు చిక్కు వేరే ఉంది. వదిలేశాననుకున్నవాళ్లలో చాలామంది నిజంగా వదలరు, ఫోన్ ఎత్తడం తగ్గిస్తారు, కలిసే చోట్లకు వెళ్లడం మానేస్తారు. తీసుకున్నవాడికి కారణమే తెలియకుండా స్నేహం పలచబడుతుంది. డబ్బు గురించి ఒక్క మాట పడకుండానే సంబంధం పోవడం ఈ వాదం లెక్కలోకి తీసుకోని నష్టం.

రెండోది సూచనల వాదం. మన దగ్గర బాగా పలుకుబడి ఉన్నది ఇదే. "ఈ నెల చాలా టైట్‌గా ఉందిరా" అంటారు, లేదా పిల్లల ఫీజు గురించి మాట కలుపుతారు. అందితే ఇంతకంటే సున్నితమైనది లేదు, అవతలివాడు తనే గుర్తుచేసుకొని ఇచ్చినట్టు ఉంటుంది. అందకపోతేనే ప్రమాదం. "అందరికీ అలాగే ఉంది మామా" అన్న జవాబు వస్తే, నిజంగా తట్టలేదా, తట్టనట్టు నటిస్తున్నాడా అన్న అనుమానం మొదలవుతుంది. రెండు మూడు సూచనలు వృథా అయ్యాక అడిగే మాటలో అప్పటిదాకా మింగిన కోపమంతా ఉంటుంది. తీసుకున్నవాడికి మాత్రం అదే మొదటిసారి వినడం.

మూడోది సూటిగా అడగమనే వాదం. అంకె, సందర్భం, తేదీ చెప్పి ఒక్క వాక్యంలో అడిగితే అవతలివాడికీ ఊహించే పని తప్పుతుందంటుందది. దీని బలం స్పష్టత. బలహీనత ఏమిటంటే, మన చెవికి సూటి మాట తగాదా మాటలా వినిపించే అవకాశం ఎక్కువ. దానికి కారణం మన స్వభావం ఒక్కటే కాదు, ఈ నేల మీద అప్పు వసూళ్ల చరిత్ర కూడా. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయన్న ఆందోళనల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2020 చివర్లో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు, ఫోన్‌లోని నంబర్లన్నింటికీ పరువు తీసే సందేశాలు పంపడం పెద్ద వార్తలయ్యాయి. అలాంటి చోట అప్పు మాటెత్తిన సందేశం ఏదైనా ముందు భయాన్నే తాకుతుంది, స్నేహితుడి దగ్గర్నుంచి వచ్చినా సరే.

మూడింటినీ పక్కపక్కన పెడితే, మొదటిది చిన్న మొత్తాలకూ, రెండోది రోజూ కలిసేవాళ్లకూ, మూడోది దూరాన ఉన్నవాళ్లకూ, మొత్తం పెద్దదైనప్పుడూ సరిపోతాయి. అయితే మూడో దానిలో సూటిదనాన్ని ఉంచి గద్దింపును తీసేయడం సాధ్యమే. అది మాటలు మెత్తబరిస్తే వచ్చేది కాదు, అవతలివాడికి జవాబు చెప్పే దారి ఇస్తే వచ్చేది.

పదిహేను వేల ఉదాహరణ

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఇద్దరు మిత్రులు, "మామా", "రా" అనుకునేంత చనువు. జూన్‌లో ఒకడు గది అడ్వాన్స్‌కు తక్కువ పడితే రెండోవాడు 15,000 పంపాడు. "జీతం రాగానే ఇచ్చేస్తా" అన్నాడు. రెండు జీతాలు వచ్చి వెళ్లాయి.

"ఏరా, నా డబ్బుల సంగతి గుర్తుందా?" అని పంపితే ఏమవుతుంది? "గుర్తుందా" అన్నది జ్ఞాపకాన్ని కాదు, బుద్ధిని శంకిస్తుంది. దానికి "ఉంది" అంటే మరి ఎందుకివ్వలేదన్న ప్రశ్న, "లేదు" అంటే సిగ్గు. "నా డబ్బులు" అనడంతో ఇద్దరి మధ్య గీత పడుతుంది. జవాబు చెప్పే చోటు లేని ప్రశ్న ఇది.

దీనికి పూర్తిగా అవతలి వైపు ఇంకొకటి ఉంటుంది. "మామా, ఏమీ అనుకోకు, అసలు అడగకూడదనుకున్నా, చాలా రోజులు ఆలోచించా, తప్పుగా అనుకోవద్దు, నీకు వీలైతేనే..." అని అరచేతి పొడుగు సాగేది. సున్నితంగా ఉందనుకొని రాస్తారు గానీ, చదివేవాడికి విషయం చాలా పెద్దదన్న సంకేతమే వెళ్తుంది. ఎన్నాళ్లుగా తన గురించి ఆలోచిస్తున్నాడో అని వాడు కంగారుపడతాడు. పైగా అంత బతిమాలినా ఎంత, ఎప్పటికి అన్నది అందులో లేదు.

ఇప్పుడు ఇది చూడండి: "మామా, గది అడ్వాన్స్‌కి జూన్‌లో పంపిన పదిహేను వేలు ఈ జీతంలో సర్దగలవా? ఒకేసారి కష్టమైతే ఇప్పుడు అయిదు వెయ్, మిగతాది వచ్చే రెండు నెలల్లో చూద్దాం. ఏది కుదురుతుందో చెప్తే నేనూ ఇక్కడ దాన్నిబట్టి చూసుకుంటా."

ఇందులో క్షమాపణ లేదు, నింద లేదు. అంకె, సందర్భం చెప్పడంతో "ఏ డబ్బులు?" అనే ప్రశ్నకు చోటు లేకుండా పోయింది. "పంపిన పదిహేను వేలు" అన్నది జరిగిన పనిని చెబుతుంది, ఇవ్వని తప్పును కాదు. అన్నింటికంటే ముఖ్యం మధ్య వాక్యం. చేబదులు ఆగిపోవడానికి తరచు కారణం ఎగ్గొట్టే ఉద్దేశం కాదు, మొత్తం ఒకేసారి చేతిలో లేకపోవడం, సగం ఇస్తే చిన్నతనం అనిపించడం. వాయిదా మాట ఇచ్చినవాడి నోటి నుంచి రావడంతో ఆ చిన్నతనం తప్పుతుంది. అవతలివాడు ఇప్పుడు ఒప్పుకోవడమా కాదనడమా అని కాదు, రెండింట్లో ఏది అని ఆలోచిస్తాడు.

ఎప్పుడు పంపాలన్నది కూడా మాటంత ముఖ్యమే. నెల మొదట్లో జీతం పడుతుంది, మొదటి వారంలోనే అద్దె, ఈఎంఐలు కోసుకుపోతాయి. పదో తారీఖున అడిగితే లేదన్న జవాబు నిజమే అవుతుంది, అది చెప్పవలసి వచ్చినందుకు వాడికి అవమానం మిగులుతుంది. జీతానికి రెండు మూడు రోజుల ముందు అడిగితే ఆ నెల లెక్కలో మన అంకెకూ చోటు దొరుకుతుంది. రాత్రి పదకొండుకు పంపకపోవడం మంచిది. బ్యాంకుల వసూలు ఏజెంట్లకే ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయవద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. స్నేహితుడికి అంతకు తక్కువ మర్యాద చూపకూడదు.

సాధారణంగా వచ్చే జవాబు "సరే మామా, చూస్తా". చాలామంది ఇక్కడే ఆగిపోయి మళ్లీ నెల రోజులు నలిగిపోతారు, ఎందుకంటే ఆ మాటలో తేదీ లేదు. వెంటనే "సరేరా, అయితే అయిదో తారీఖుకి అనుకోనా?" అని ఒక్క ముక్క కలిపితే తేదీ ఇద్దరిదీ అవుతుంది. ఆ రోజు దాటాక పంపే రెండో సందేశం కొత్తగా అడిగినట్టు ఉండదు, అనుకున్నదాన్ని పలకరించినట్టు ఉంటుంది. ఇక అయిదు వేలు వచ్చిన రోజున "అయిదు అందాయిరా, ఇంక పది" అని రాయడం మరవకూడదు. అందినట్టు చెప్పడం మర్యాద, మిగిలిన అంకె చెప్పడం తర్వాతి గుర్తుచేయడాన్ని సగం ముందే చేసెయ్యడం.

తీసుకున్నవారు పెద్దవారైతే మాట తీరు మారుతుంది, లోపలి కట్టు మారదు. "అన్నా, జూన్‌లో ఇచ్చిన ఆ పదిహేను వేలు ఈ నెల మీకు వీలవుతుందేమోనని అడుగుతున్నా. కొంచెం కొంచెంగా అయినా పర్లేదు" అంటే చాలు.

ప్రయోగాలు చెప్పేదెంత

సందేశాల మీద జరిగిన ప్రయోగాల్లో ఇక్కడ చెప్పుకోదగ్గవి రెండున్నాయి. ఉగాండాలో ఒక చిన్న రుణ సంస్థతో షిమెనా కడేనా, ఆంట్వానెట్ షోర్ చేసిన ప్రయోగం 2011లో వెలువడింది. వాయిదా తేదీకి ముందు నెలనెలా పంపిన ఒక ఫోన్ సందేశం, వడ్డీలో పావు వంతు తగ్గించినంత ఫలితం ఇచ్చింది. సకాలంలో ఇవ్వకపోవడంలో మతిమరుపు వాటా చిన్నది కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఫిలిప్పీన్స్‌లో డీన్ కార్లన్, మెలనీ మోర్టెన్, జొనథన్ జిన్మన్ చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. లాభం చూపి చెప్పినా నష్టం చూపి చెప్పినా, సందేశం ఏ రోజు పంపినా పెద్ద తేడా కనిపించలేదు. రుణాధికారి పేరు సందేశంలో ఉన్నప్పుడు మాత్రమే చెల్లింపు కచ్చితంగా మెరుగుపడింది. అదీ ఆ అధికారితో ఇదివరకే పరిచయమున్నవారిలో. పదాల ఎంపికకంటే అడిగేది ఎవరన్నది బలంగా పనిచేసిందన్నమాట.

అయితే ఈ రెండూ బ్యాంకు లాంటి సంస్థలు, ఖాతాదారుల మధ్య జరిగినవి. అక్కడ తేదీ ముందే కాగితం మీద ఉంది, సందేశం వస్తుందని ఇద్దరికీ తెలుసు. చేబదులులో ఆ తేదీయే లేదు. కాబట్టి వీటి ఫలితాన్ని స్నేహితులకు నేరుగా అన్వయించలేం. ముందుగా, పేరుపెట్టి పలకరించి, ఒక తేదీ చుట్టూ అడగడం మేలన్న మాటకు మాత్రం ఇవి కొంత బలమిస్తాయి.

ఇంకా తేలనివి

కారణం చెప్పాలా వద్దా అన్నది మొదటిది. "నాకు అర్జెంటుగా అవసరం పడింది" అంటే అవతలివాడి పరువు నిలుస్తుందని, వాడి ఆలస్యం గురించి కాకుండా మన అవసరం గురించి మాట జరుగుతుందని చాలామంది నమ్ముతారు. నిజంగా అవసరముంటే ఇది మంచి దారే. లేని అవసరాన్ని కల్పిస్తే, వారం తిరగకుండా మన గోవా ఫొటోలు వాడి ఫోన్‌లో కనిపిస్తాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అవసరం ఉంటేనే అడగాలన్న రివాజును మనమే మొదలుపెట్టినట్టవుతుంది. అప్పుడు తీసుకున్నవాడు "వీడికిప్పుడు అవసరం లేదులే" అని ఆగడానికి దారి దొరుకుతుంది.

రెండోది మూడో మనిషి సంగతి. పల్లెల్లో పెద్దమనిషి చేత చెప్పించడం పాత పద్ధతి. ఉమ్మడి మిత్రుడి ద్వారా కదిపించడం దాని నేటి రూపం. కొందరికి ఇది మెత్తని దారి, మరికొందరికి పరువు పోయే దారి. ఇద్దరి మధ్య విషయం మూడో చెవిన పడ్డాక వెనక్కి తీసుకోలేం కాబట్టి, రెండు సార్లు నేరుగా అడిగి జవాబు రాకపోతేనే ఆ వైపు చూడాలనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో, నవ్వుతూనైనా, ఎత్తడం మాత్రం ఏ వాదమూ సమర్థించదు.

మూడోది చట్టం. నోటిమాట అప్పుకు కూడా 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం గడువు మూడేళ్లే. తిరిగి ఇచ్చే తేదీ అనుకోకపోతే ఇచ్చిన రోజు నుంచే లెక్క. మనం ఎన్నిసార్లు గుర్తుచేసినా ఆ గడువు పెరగదు. గడువు లోపల తీసుకున్నవారు సంతకంతో బాకీ ఒప్పుకుంటేనే, లేదా కొంత చెల్లించి ఆ చెల్లింపును తమ రాతలోనో సంతకంతోనో ఒప్పుకుంటేనే కొత్త గడువు మొదలవుతుంది. "అవును మామా, ఇంకా పది ఇవ్వాలి" అన్న వాట్సాప్ జవాబు అలాంటి సంతకానికి సమానమా అన్నది కేసు కేసుకూ వాదించుకోవలసిన విషయమే. డబ్బు పంపినట్టు యూపీఐ రికార్డు చూపుతుంది గానీ అది అప్పేనని దానంతటది చెప్పదు. పంపేటప్పుడే వివరాల గడిలో "చేబదులు" అని రాస్తే ఆ లోటు కొంత తీరుతుంది. స్నేహితుడి మీద కోర్టుకెక్కే ఉద్దేశం లేకపోయినా ఆ ఒక్క మాట పనికొస్తుంది, ఆరు నెలల తర్వాత ఇద్దరూ తెర మీద ఒకే సంగతి చదువుతారు.

చివరిది ఎన్నిసార్లు అన్న ప్రశ్న. తేదీ అనుకొని, అది దాటాక పలకరించి, వాయిదా ఇచ్చి, దానికీ జవాబు లేకపోతే నాలుగో సందేశం ఎంత మెత్తగా రాసినా వసూలు మాటే అవుతుంది. అక్కడ సందేశం ఆపి ఫోన్ చేయమనేవారున్నారు, ఎదురుగా కూర్చొని మాట్లాడమనేవారున్నారు, ఇక వదిలెయ్యమనేవారూ ఉన్నారు. మౌనానికి కారణం డబ్బు లేకపోవడమా, ఇవ్వాలని లేకపోవడమా అన్నది రాతలో తెలియదు. ఉద్యోగం పోయినవాడూ, ఎగ్గొట్టదలచినవాడూ నీలి టిక్కుల వెనక ఒకేలా కనిపిస్తారు. అందుకే ఆ దశలో డబ్బు మాట పక్కన పెట్టి "ఎలా ఉన్నావురా, అంతా బాగేనా?" అని ఫోన్‌లో అడగమనే వాదానికే నేను మొగ్గుతాను. ఆ జవాబు వినకుండా పదిహేను వేల గురించి తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకోవడం కష్టం.